వీధి ఫోటోలో పందిరి ఎంత ఎత్తు ఉండాలి?

ప్రశ్న: మాది తిరుపతి బైరాగిపట్టెడ. ఈ వేసవికి మా వీధిలో చలివేంద్రం పెట్టాలని నలుగురం అనుకున్నాం. వీధివాళ్లకు ముందుగా చూపించడానికి వీధి ఫోటో తీసి, అందులో 8 అడుగుల తాటాకు పందిరి బొమ్మను కత్తిరించి అతికించాను. ఒకచోట పెడితే బొమ్మరిల్లులా ఉంది, ఇంకోచోటికి జరిపితే పక్కింటికన్నా పెద్దదిగా కనిపిస్తోంది. కంటికి నచ్చేదాకా పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవడం తప్ప, సరైన సైజు తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా? ఫోటో పంపుతున్నాను.

జవాబు: ఉంది. అందుకు రెండు విషయాలు తెలిస్తే చాలు. ఫోటోలో క్షితిజ రేఖ ఎక్కడ ఉందో మొదట తెలియాలి. తర్వాత, ఎత్తు తెలిసిన వస్తువు ఒకటి అదే నేల మీద నిలబడి కనిపించాలి. మీ ఫోటోలో రెండూ దొరుకుతున్నాయి కాబట్టి దాని మీదే లెక్క చేసి చూపిస్తాను.

ముందు అసలు సంగతి చెప్పాలి. సమతలంగా ఉన్న వీధిలో కెమెరా నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో, సరిగ్గా అంతే ఎత్తులో ఉన్న ప్రతి బిందువూ, అది పది అడుగుల దూరంలో ఉన్నా వంద అడుగుల దూరంలో ఉన్నా, ఫోటోలో క్షితిజ రేఖ మీదనే పడుతుంది. మీరు ఫోన్‌ను 5 అడుగుల ఎత్తులో పట్టుకుని తీశారనుకుంటే, దగ్గరున్న కరెంటు స్తంభం మీద 5 అడుగుల దగ్గర పెట్టిన గుర్తు, వీధి చివరి స్తంభం మీద 5 అడుగుల దగ్గర పెట్టిన గుర్తు రెండూ ఆ ఒక్క గీత మీదకే వస్తాయి. కాబట్టి ఏ వస్తువైనా నేలను తాకిన చోటు నుంచి క్షితిజ రేఖ దాకా ఉన్న నిడివి, ఆ చోట కెమెరా ఎత్తుకు సమానం. ఆ నిడివిని పిక్సెళ్లలో కొలిస్తే, అక్కడ ఒక అడుగుకు ఎన్ని పిక్సెళ్లో తెలిసిపోతుంది. ఫోన్‌లో జూమ్ వాడినా, తర్వాత ఫోటోను కత్తిరించినా, చిన్నది చేసినా ఈ నిష్పత్తి మారదు, ఎందుకంటే రెండు నిడివులూ ఒకే లెక్కన పెరుగుతాయి లేదా తగ్గుతాయి.

ఇక క్షితిజ రేఖను పట్టుకోవడం. తిరుపతిలో తీసిన ఫోటోల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. వీధి ఉత్తరానికి తిరిగి ఉంటే చివర తిరుమల కొండలు నిలబడి ఉంటాయి, ఆకాశం కొండతో కలిసే అంచు స్పష్టంగా కనిపిస్తుంది, దాన్నే క్షితిజ రేఖ అనుకుంటారు. ఆ కొండలు ఊరి మట్టం కన్నా వందల మీటర్లు ఎత్తున ఉన్నాయి. ఎంత దూరాన ఉన్నా కెమెరా కన్నా ఎత్తైన వస్తువు పైభాగం క్షితిజ రేఖకు పైనే కనిపిస్తుంది కాబట్టి, కొండ అంచు ఎప్పుడూ అసలు గీత కన్నా పైన ఉంటుంది. అసలు గీత ఇళ్ల వెనుక దాగి ఉంటుంది, దాన్ని మనమే గీసుకోవాలి.

గీయడానికి ఇళ్లే సాయపడతాయి. మీ ఫోటోలో కుడివైపున ఒక మేడ ఉంది. దాని శ్లాబ్ అంచు దూరానికి వెళ్లే కొద్దీ కిందికి దిగుతోంది, గోడ అడుగున అరుగు అంచు పైకి ఎక్కుతోంది. నిజానికి ఈ రెండు అంచులూ సమాంతరంగా, నేలకు సమంగా ఉన్నవే. రెంటి మీదా సన్నని గీతలు గీసి వీధి లోపలికి పొడిగిస్తే అవి కలిసే బిందువు గుండా అడ్డంగా సాగే గీతే క్షితిజ రేఖ. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి తీసుకోవడం ముఖ్యం. రెండూ పక్కపక్కనే ఉన్న అంచులైతే, గీతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కలిసే చోటు చాలా దూరం జరిగిపోతుంది. అలాగే రెండు వేర్వేరు ఇళ్ల అంచులు కలపకండి, మన వీధుల్లో ఇళ్లు ఒకే వరుసలో ఉండటం అరుదు. మీ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు ఉంది. పైఅంచు నుంచి కిందికి లెక్కిస్తే ఆ రెండు గీతలూ 1300వ పిక్సెల్ దగ్గర కలిశాయి. దీనికి ఇంకో సాక్ష్యం కూడా మీ ఫోటోలోనే ఉంది. ఎడమవైపు ఇంటి ప్రహరీ గోడ పైఅంచు అటు ఎక్కకుండా, ఇటు దిగకుండా దాదాపు అడ్డంగా సాగిపోయింది, అదీ 1300కి అటూఇటూగానే. కెమెరా ఎత్తుకు సమానంగా ఉన్న అంచు మాత్రమే అలా సాగుతుంది. వీధి ఫోటోలో అలాంటి గోడగాని, అరుగు మీది కటకటాలుగాని కనిపిస్తే గీతలు గీయకముందే క్షితిజ రేఖ దొరికినట్టే.

ఇప్పుడు కెమెరా ఎత్తు. మీరు తీసినప్పుడు ఫోన్ ఎంత ఎత్తులో ఉందో గుర్తుపెట్టుకుని ఉండరు, ఆ అవసరం కూడా లేదు. ఎడమవైపు ఒక ఆటో ఆగి ఉంది. మన ఊళ్లలో తిరిగే ప్రయాణికుల ఆటోలు సుమారు 1.7 మీటర్లు, అంటే 5.6 అడుగుల ఎత్తు ఉంటాయి. కచ్చితంగా కావాలంటే ఆ ఆటోనే టేపుతో కొలవండి, వీధిలోని ఆటోయే కదా. ఫోటోలో దాని వెనుక చక్రం నేలను తాకింది 1900 దగ్గర, అదే వరుసలో టాపు పైభాగం 1228 దగ్గర ఉంది. అంటే ఆటో ఎత్తు 672 పిక్సెళ్లు, చక్రం అడుగు నుంచి క్షితిజ రేఖ దాకా 600 పిక్సెళ్లు. 672 పిక్సెళ్లకు 5.6 అడుగులైతే, 600 పిక్సెళ్లకు 5 అడుగులు. మీ ఫోన్ నేలనుంచి 5 అడుగుల ఎత్తులో ఉంది. నిలబడి ముఖానికి ఎదురుగా ఫోన్ పట్టుకున్నవారి లెక్కకు ఇది సరిపోతుంది.

ఆ అంకె నమ్మదగినదా కాదా అనేది ఇక్కడే తేలుతుంది. పొరపాటున కొండ అంచును క్షితిజ రేఖ అనుకున్నారనుకోండి. మీ ఫోటోలో అది 1000 దగ్గర ఉంది. అప్పుడు చక్రం నుంచి గీత దాకా 900 పిక్సెళ్లు, కెమెరా ఎత్తు ఏడున్నర అడుగులని వస్తుంది. నేల మీద నిలబడి ఫోటో తీసిన మనిషి కన్ను ఏడున్నర అడుగుల ఎత్తులో ఉండదు కాబట్టి గీత తప్పని వెంటనే తెలుసుకోవచ్చు. వీధిలో నడుస్తున్న మనుషులు కూడా ఇదే చెబుతారు. గీత సరైనదైతే, అయిదున్నర అడుగుల మనుషులందరికీ, దగ్గరివాళ్లకైనా దూరపువాళ్లకైనా, అది ఇంచుమించు ముఖం దగ్గరే తగులుతుంది. మీ ఫోటోలో పాల క్యాన్ పట్టుకున్నాయనకూ, వీధి చివర సైకిల్ పక్కన నిలబడ్డాయనకూ 1300 గీత అక్కడే తగిలింది. చిన్నపిల్లలు పూర్తిగా గీత కిందే ఉండాలి, మీ ఫోటోలో అలాగే ఉన్నారు.

ఇక పందిరి. 8 అడుగుల పందిరి, 5 అడుగుల కెమెరా. కాబట్టి పందిరి ఎక్కడ నిలబెట్టినా, దాని పాదం నుంచి క్షితిజ రేఖ దాకా ఉన్న నిడివికి 8 బై 5 వంతు, అంటే 1.6 రెట్ల ఎత్తు ఉండాలి. రోడ్డు మీద 1750 దగ్గర ముందు గుంజల పాదాలు పెడితే, అక్కడినుంచి గీత దాకా 450 పిక్సెళ్లు, పందిరి ఎత్తు 720 పిక్సెళ్లు, పైభాగం 1030 దగ్గరికి వస్తుంది. దాన్ని కాస్త దూరంగా 1600 దగ్గరికి జరిపితే పాదం నుంచి గీత దాకా 300, ఎత్తు 480. మీకు బొమ్మరిల్లులా ఒకచోట, మేడలా ఒకచోట కనిపించడానికి కారణం ఇదే. బొమ్మ సైజు మార్చకుండా చోటు మార్చారు.

కొండ అంచును నమ్ముకుంటే ఏమయ్యేదో కూడా చూడండి. 1750 దగ్గర 800 పిక్సెళ్లు వచ్చేది, 720కి అది మరీ పెద్ద తేడా అనిపించదు, కంటికి తట్టకపోవచ్చు. 1600 దగ్గర మాత్రం 480 రావలసిన చోట 640 వచ్చేది, అంటే మూడో వంతు ఎక్కువ. గీత తప్పితే దగ్గర పెట్టిన వస్తువు కొద్దిగానే తప్పుతుంది, దూరం పెట్టిన కొద్దీ తప్పు పెరుగుతుంది. దగ్గర బాగానే ఉండి దూరం జరిపితే అసహజంగా కనిపించే బొమ్మను చూసినప్పుడు నేను మొదట అనుమానించేది క్షితిజ రేఖనే.

ప్రతిసారీ ఈ హెచ్చవేతలు చేయనక్కర్లేని దారి ఒకటి ఉంది, నేను చేసేది అదే. కత్తిరించిన పందిరి బొమ్మ ఉన్న లేయర్‌లో, పాదం నుంచి 5 అడుగుల ఎత్తుకు సరిపోయే చోట ఎర్రగీత ఒకటి గీయండి. మొత్తం 8 అడుగులు కాబట్టి అది కిందినుంచి ఎనిమిదింట అయిదు వంతుల దగ్గర పడుతుంది. ఫోటోలో 1300 దగ్గర ఒక గైడ్ పెట్టుకోండి. పందిరిని కావలసిన చోటికి జరిపి, ఫోటోషాప్‌లోనైతే `Ctrl+T` నొక్కి, తిరిగే బిందువును కింది అంచుకు మార్చి, పాదం కదలకుండా, పొడవు వెడల్పుల నిష్పత్తి చెడకుండా, ఎర్రగీత గైడ్ మీద కూర్చునే వరకు పెంచండి లేదా తగ్గించండి. అంతటితో సైజు తేలిపోయింది. ఇంకో చోటికి జరిపితే మళ్లీ ఎర్రగీతను గైడ్ మీదికి తెస్తే చాలు. పని అయ్యాక ఆ గీతను తీసేయండి.

ఇక్కడ తరచుగా దెబ్బతీసేది పాదం. పైన చెప్పిన లెక్కంతా రోడ్డు మట్టం మీద నిలబడిన వస్తువులకు మాత్రమే వర్తిస్తుంది. మీరు ఆటోకు బదులు ఎదురింటి తలుపును కొలతగా తీసుకున్నారనుకుందాం. తలుపు చట్రంతో కలిపి 7 అడుగులు, ఫోటోలో 560 పిక్సెళ్లు. గడప నుంచి క్షితిజ రేఖ దాకా 320. ఆ లెక్కన కెమెరా ఎత్తు 4 అడుగులని వస్తుంది. ఆటో 5 అంటోంది, తలుపు 4 అంటోంది. రెండూ నిజమే, ఎందుకంటే ఆ ఇంటి గడప రోడ్డు కన్నా ఒక అడుగు ఎత్తున అరుగు మీద ఉంది, గడప మట్టం నుంచి చూస్తే మీ ఫోన్ 4 అడుగుల ఎత్తులోనే ఉంది. వచ్చిన తేడా ఎంతో, అరుగు ఎత్తు అంతే. అందువల్ల రెండు కొలతలు కలవకపోతే ఒకదాన్ని పారేయకుండా, ఏది దేని మీద నిలబడిందో చూడండి.

మీ పందిరికీ ఇదే వర్తిస్తుంది. చలివేంద్రం ఫుట్‌పాత్ మీద పెడతామంటున్నారా, రోడ్డు అంచున పెడతామంటున్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఫుట్‌పాత్ రోడ్డు కన్నా అర అడుగు ఎత్తుంటే, దాని మీద నిలబడిన పందిరికి కెమెరా ఎత్తు నాలుగున్నర అడుగులు మాత్రమే. అప్పుడు ఎర్రగీతను నాలుగున్నర అడుగుల దగ్గర గీయాలి. రోడ్డు మీద 1750 దగ్గర ఉన్నంత దూరంలోనే ఫుట్‌పాత్ మీద నిలబెడితే దాని పాదం 1705 దగ్గర పడుతుంది, గీత దాకా 405 పిక్సెళ్లు, ఎత్తు మళ్లీ 720. ఫుట్‌పాత్ సంగతి మరచి 1.6 రెట్లే వేస్తే 648 వస్తుంది, 8 అడుగుల పందిరి కాస్తా 7 అడుగుల చిల్లరకు దిగిపోతుంది.

వీధి వాలుగా ఉంటే ఏం చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే అలిపిరి వైపు వెళ్లే రోడ్లు కొండ దగ్గరయ్యే కొద్దీ మెల్లగా ఎక్కుతాయి, ఇదే పని అక్కడ చేయవలసి రావచ్చు. ఎత్తుకు ఎక్కే రోడ్డులో ఇళ్ల శ్లాబులు కలిసే బిందువు ఒకచోట, రోడ్డు రెండు అంచులూ కలిసే బిందువు దానికి పైన ఇంకోచోట వస్తాయి. వాలు ఉందని తెలిపేది ఆ తేడాయే. వాలు మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉంటే, ఇళ్లు చూపించే గీతను పక్కన పెట్టి, రోడ్డు అంచులు కలిసే బిందువు గుండా అడ్డంగీత గీసి, దానితోనే పైన చెప్పిన లెక్కంతా చేయాలి. రోడ్డుకు కెమెరా అంత ఎత్తున, రోడ్డుతో పాటే వాలుగా సాగే ఊహాతలం ఆ గీత మీదనే కనిపిస్తుంది కాబట్టి నిష్పత్తి అక్కడా నిలుస్తుంది. కొంత దూరం చదునుగా వెళ్లి ఆ తర్వాత ఎక్కే రోడ్డు అయితే ఏ ఒక్క గీతా మొత్తానికి పనికిరాదు. అలాంటప్పుడు పందిరి పెట్టదలచిన చోటికి ఒక మనిషిని పంపి, తెలిసిన పొడవున్న కర్ర ఒకటి నిటారుగా పట్టుకుని నిలబడమని, ఆ కర్రతో ఒక ఫోటో, అది లేకుండా ఒక ఫోటో, ఫోన్ కదపకుండా తీసుకోండి. కర్రకు ఎన్ని పిక్సెళ్లో చూసి పందిరిని దానికి సరిపెట్టవచ్చు.

ఫోటో తీసేటప్పుడు ఫోన్‌ను బాగా పైకి వంచి ఉంటే ఇళ్ల నిలువు గోడలు పైకి వెళ్లే కొద్దీ దగ్గరవుతాయి, ఆ ఫోటోల్లో ఈ లెక్క కచ్చితంగా నిలవదు. మీ ఫోటోలో స్తంభాలు నిటారుగానే ఉన్నాయి. వెడల్పు లెన్స్‌తో, అంటే ఫోన్‌లో 0.5 అని కనిపించేదానితో తీసినవి కూడా ఈ పనికి వాడకపోవడం మంచిది, వాటి అంచుల్లో సరళరేఖలు వంగవచ్చు. ఇక చాలా దూరంలో వస్తువు పెట్టవలసి వచ్చి, పాదం నుంచి గీత దాకా 60 పిక్సెళ్లే ఉంటే, పాదాన్ని 5 పిక్సెళ్లు తప్పుగా గుర్తించినా సైజు పన్నెండో వంతు మారిపోతుంది. మీరు 450 పిక్సెళ్ల దగ్గర పెడుతున్నారు కాబట్టి ఆ బెంగ లేదు.

చివరగా మీ పందిరి బొమ్మ గురించి. సైజు సరిచేశాక కూడా అది వీధిలో కుదురుకోకపోతే తప్పు సైజుది కాదు. మీరు పంపిన బొమ్మలో పందిరి కింద బల్ల మీద కుండలు ఉన్నాయి. వాటి మూతులు దాదాపు గుండ్రంగా, లోపలి నీళ్లు కనిపించేలా ఉన్నాయి. బల్ల రెండున్నర అడుగులు, కుండ ఒకటిన్నర అడుగులు అనుకుంటే మూతి 4 అడుగుల ఎత్తున ఉంటుంది. మీ వీధి ఫోటో తీసిన కెమెరా దానికన్నా ఒక్క అడుగే పైన ఉంది కాబట్టి, ఆ మూతి సన్నని, బాగా నొక్కుకుపోయిన అండాకారంలో కనిపించాలి, నీళ్లు కనిపించకూడదు. ఎవరో పక్క మిద్దె మీదినుంచి తీసిన పందిరి అది. దాని క్షితిజ రేఖ పందిరి పైకప్పుకు పైన ఎక్కడో ఉంది, మీ వీధి క్షితిజ రేఖ పందిరి నడుముకు కాస్త పైన ఉంది. ఎంత పెంచినా తగ్గించినా ఈ రెండూ కలవవు.

ఊళ్లో ఎక్కడైనా వేసిన పందిరి దొరికితే, ఫోన్‌ను నేలనుంచి 5 అడుగుల ఎత్తులో పట్టుకుని మళ్లీ తీయండి. దూరం కూడా సరిపోవాలి. ఆటో దగ్గర అడుగుకు 120 పిక్సెళ్లు, పందిరి పెట్టే 1750 దగ్గర అడుగుకు 90 పిక్సెళ్లు ఉన్నాయి కాబట్టి, పందిరి చోటు ఆటో కన్నా మూడో వంతు ఎక్కువ దూరంలో ఉన్నట్టు లెక్క. వీధిలో మీరు నిలబడిన చోటి నుంచి అక్కడికి అడుగులు కొలిచి, కొత్త ఫోటోను కూడా అంతే దూరం నుంచి, జూమ్ లేకుండా, వీధిలో పందిరి ఏ వైపు తిరిగి ఉండాలో ఆ కోణంలోనే తీయండి. అప్పుడు 10 అడుగుల వెడల్పున్న ముందుభాగం కెమెరాకు ఎదురుగా ఉంటే 900 పిక్సెళ్లు పడుతుంది, రోడ్డు వైపు తిరిగి ఏటవాలుగా ఉంటే అంతకన్నా తగ్గుతుంది, ఎంత తగ్గాలో ఆ కొత్త ఫోటోలోనే వచ్చేసి ఉంటుంది.